వంద అడుగుల ప్రహరీ గోడ: నాలుగంగుళాల ఇటుకా, తొమ్మిదంగుళాల ఇటుకా, సిమెంట్ బ్లాకా?

ప్రహరీ కట్టాలనుకోగానే చాలామంది మొదట ఇటుక ధర ఆరా తీస్తారు. లెక్క వేసి చూస్తే మొత్తం ఖర్చులో ఇటుకల వాటా ఎనిమిదో వంతు దగ్గర తేలుతుంది, తొమ్మిదంగుళాల గోడకైతే అయిదో వంతు. మిగతాదంతా భూమిలోకి వెళ్లే పిల్లర్లు, ప్లింత్ బీమ్, గోడకు రెండు వైపులా పూసే ప్లాస్టరింగ్, కూలీ. ఏ గోడ ఎంచుకున్నా ఈ ఖర్చులు పెద్దగా మారవు. కాబట్టి మూడు రకాల గోడలనూ ఒకే పునాది మీద నిలబెట్టి లెక్క కడితేనే అసలు తేడా ఎక్కడుందో తెలుస్తుంది.

లెక్కకు తీసుకున్న గోడ పొడవు 100 అడుగులు. ప్లింత్ బీమ్ పైనుంచి ఎత్తు 5 అడుగులు. నేల గట్టి ఎర్రమట్టి లేదా మొరం. పది అడుగులకు ఒకటి చొప్పున 9 అంగుళాల చదరపు పిల్లర్లు వేస్తే పిల్లర్ల మధ్య పది గదులు, మొత్తం పదకొండు పిల్లర్లు అవుతాయి. ఇక్కడ ఒక పిల్లర్ లెక్క తప్పే వాళ్లు తరచూ కనిపిస్తారు. వందను పదితో భాగించి పది పిల్లర్లకే రాడ్ తెప్పిస్తారు, చివరి పిల్లర్ గుర్తుండదు. గోడ స్థలం చుట్టూ తిరిగి మొదటికే కలిసేటప్పుడు మాత్రమే గదులూ పిల్లర్లూ సమానం.

ముందు ఫ్రేము

ఒక్కో పిల్లరుకు మూడు అడుగుల చదరంలో, మూడున్నర నుంచి నాలుగు అడుగుల లోతున గుంత తీస్తారు. అడుగున 4 అంగుళాల మందాన సిమెంట్, ఇసుక, 40 ఎంఎం కంకర 1:4:8 పాళ్లలో కలిపి బెడ్ వేస్తారు. దానిమీద రెండున్నర అడుగుల చదరం, 9 అంగుళాల మందం ఫుటింగ్. ఫుటింగ్‌లో 10 ఎంఎం రాడ్ జాలీ, అడ్డంగా అయిదు, పొడవునా అయిదు. పిల్లర్‌లో నాలుగు 12 ఎంఎం రాడ్లు, ఆరంగుళాలకో 8 ఎంఎం రింగు. ప్రహరీయే కదా అని పిల్లరుకు 10 ఎంఎం చాలు అనే మేస్త్రీలు ఉంటారు. కాలమ్ నిలువు రాడ్ 12 ఎంఎంకు తగ్గకూడదని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది, పదకొండు పిల్లర్ల మీద ఆ తేడా ముప్పై అయిదు కిలోల లోపే. ఫుటింగ్ పైనుంచి గోడ పైవరకు పిల్లర్ ఎత్తు ఎనిమిదిన్నర అడుగులు.

నేలమట్టంలో 9 అంగుళాల చదరపు ప్లింత్ బీమ్, నాలుగు 10 ఎంఎం రాడ్లు, ఎనిమిది అంగుళాలకో రింగు, బీమ్ కింద మూడంగుళాల బెడ్. గోడ నెత్తిన రెండు 8 ఎంఎం రాడ్లతో మూడంగుళాల కాంక్రీటు పట్టీ. ఈ పట్టీ వాన నీటిని గోడలోకి దిగనివ్వదు, పిల్లర్లన్నిటినీ పైన కట్టి పట్టుకుంటుంది కూడా.

పిల్లర్, ఫుటింగ్, బీమ్ కలిపి కాంక్రీటు 156 ఘనపుటడుగులు వస్తుంది. దీన్ని 1:1½:3 పాళ్లలో వేయాలి. తడి కాంక్రీటుకు కావలసిన పొడి సరుకు 1.54 రెట్లు, 50 కిలోల సిమెంట్ బస్తా 1.225 ఘనపుటడుగులు. ఈ రెండు అంకెలతో ఏ కాంక్రీటునైనా ఇంట్లోనే లెక్కేయవచ్చు. 156ను 1.54తో గుణిస్తే 240. పాళ్ల మొత్తం అయిదున్నర కాబట్టి సిమెంట్ 43.7 ఘనపుటడుగులు, అంటే 36 బస్తాలు. ఇసుక 66, కంకర 131 ఘనపుటడుగులు. కింది బెడ్లకూ పై పట్టీకీ అయ్యేది కలిపితే ఫ్రేము మొత్తానికి సిమెంట్ 44 బస్తాలు, ఇసుక 98 ఘనపుటడుగులు, కంకర అన్ని సైజులూ కలిపి 195 ఘనపుటడుగులు, తరుగుతో సహా రాడ్ 380 కిలోలు. మూడు రకాల గోడలకూ ఇది మారదు.

ఇప్పుడు గోడ

వంద అడుగుల్లో పిల్లర్లు ఎనిమిది అడుగులకు పైగా తినేస్తాయి. కట్టాల్సిన గోడ 500 చదరపు అడుగులు కాదు, 459. ఇటుకలవాడికి 500కు లెక్క చెబితే చివర్లో రెండు మూడు వందలు మిగిలి మూలన పడి ఉంటాయి.

మన దగ్గర ఎర్ర ఇటుకను ఎక్కువగా 9×4×3 అంగుళాల సైజుగా అమ్ముతారు. చుట్టూ 10 ఎంఎం మాలు కలుపుకుంటే నాలుగంగుళాల గోడలో చదరపు అడుగుకు నాలుగున్నర ఇటుకలు పడతాయి. 459 చదరపు అడుగులకు 2,066, విరిగేవి నూటికి అయిదు చొప్పున కలిపితే దాదాపు 2,200. ఈ పలుచని గోడకు మాలు 1:4 పాళ్లలో ఉండాలి. తడి మాలు 27.5 ఘనపుటడుగులు, పొడి లెక్కన 1.33 రెట్లు, దాదాపు 37. అందులో సిమెంట్ 6 బస్తాలు, ఇసుక 29 ఘనపుటడుగులు.

తొమ్మిదంగుళాల గోడకు ఇటుకలు రెట్టింపు, విరిగేవి కలిపి దాదాపు 4,350. ఇటుకలు రెట్టింపైతే మాలు కూడా రెట్టింపే అనుకుంటారు. అక్కడే అంచనా దెబ్బతింటుంది. నాలుగంగుళాల ఇటుకలు రెండు పక్కపక్కన పెడితే ఎనిమిది అంగుళాలే వస్తుంది, మధ్యలో మిగిలిన ఒక అంగుళం గోడ పొడవునా మాలుతో నిండాలి. అందువల్ల తడి మాలు 27.5 నుంచి 96 ఘనపుటడుగులకు ఎగబాకుతుంది, మూడున్నర రెట్లు. 1:6 పాళ్లలో కలిపినా సిమెంట్ 15 బస్తాలు, ఇసుక 110 ఘనపుటడుగులు. సిమెంట్ దాచుకోవాలని చూసే మేస్త్రీ ఆ మధ్య సందును పొడిగా వదిలేసి, పైన పలుచగా మాలు పరుస్తాడు. బయటికి కనిపించదు. తొమ్మిదంగుళాల గోడ పేరుకే ఉండి, లోపల విడివిడిగా నిలబడ్డ రెండు నాలుగంగుళాల గోడలు ఉంటాయి. కట్టేటప్పుడు ప్రతి వరసకూ సందులోకి తాపీ మొన దించి చూడటం ఒక్కటే దీనికి మందు.

సిమెంట్ సాలిడ్ బ్లాకుల్లో ప్రహరీకి బాగా నప్పేది 16×8×6 అంగుళాలది. చదరపు అడుగుకు ఒకటి కన్నా కాస్త ఎక్కువ పడుతుంది, 459కి 480. విరిగేవి కలుపుకుని 500 తెప్పిస్తే సరి. అతుకులు తక్కువ కాబట్టి మాలు 20 ఘనపుటడుగులకు మించదు. 1:6లో సిమెంట్ 3 బస్తాలు, ఇసుక 22 ఘనపుటడుగులు. ఆరంగుళాల మందం ఉన్న గోడకు నాలుగంగుళాల ఇటుక గోడలో సగం సిమెంటే పడుతుందన్నమాట.

ప్లాస్టరింగ్ రెండు వైపులా, బీమ్ పక్కలు, పై పట్టీ కలిపి 1,100 చదరపు అడుగులు. అరంగుళం మందం, సందుల్లోకి పోయేది, కింద రాలేది లెక్కేసుకుంటే 1:5 పాళ్లలో సిమెంట్ 10 బస్తాలు, ఇసుక 61 ఘనపుటడుగులు. బ్లాకు గోడకు ఇందులో ఒక బస్తా మిగలవచ్చు. పోలిక సులువుగా ఉండటానికి మూడింటికీ ఒకటే పెట్టాం.

మొత్తం ఎంత

కింది పట్టికలో వాడిన ధరలు లెక్క కోసం పెట్టుకున్నవి: సిమెంట్ బస్తా రూ.350, ఇసుక ఘనపుటడుగు రూ.70, కంకర రూ.45, రాడ్ కిలో రూ.62, ఇటుక రూ.9, ఆరంగుళాల బ్లాకు రూ.45. కూలీ: ఫ్రేముకు గుంతలు, సెంట్రింగ్, కాంక్రీటు కలిపి అడుగు పొడవుకు రూ.280. గోడ కట్టడానికి చదరపు అడుగుకు నాలుగంగుళాలదైతే రూ.30, తొమ్మిదంగుళాలదైతే రూ.45, బ్లాకైతే రూ.25. ప్లాస్టరింగ్ చదరపు అడుగుకు రూ.28. మీ ఊరి ధరలు వేరుగా ఉంటే పరిమాణాలను అలాగే ఉంచి ధర మాత్రం మార్చుకోండి. రంగు, గేటు ఇందులో లేవు.

| | 4 అంగుళాల ఇటుక | 9 అంగుళాల ఇటుక | 6 అంగుళాల బ్లాకు |
|---|---|---|---|
| ఇటుకలు / బ్లాకులు | 2,200 | 4,350 | 500 |
| సిమెంట్, బస్తాలు | 60 | 69 | 57 |
| ఇసుక, ఘనపుటడుగులు | 188 | 269 | 181 |
| సరుకు ఖర్చు, రూ. | 86,300 | 1,14,500 | 87,500 |
| కూలీ, రూ. | 72,600 | 79,500 | 70,300 |
| మొత్తం, రూ. | 1,58,900 | 1,94,000 | 1,57,800 |
| అడుగు పొడవుకు, రూ. | 1,590 | 1,940 | 1,580 |

కంకర 195 ఘనపుటడుగులు, రాడ్ 380 కిలోలు మూడింటిలోనూ ఉన్నవే కాబట్టి పట్టికలో విడిగా చూపలేదు. సరుకు ఖర్చులో మాత్రం కలిశాయి.

నాలుగంగుళాల ఇటుక, ఆరంగుళాల బ్లాకు దాదాపు ఒకే ధరకు వచ్చాయి. ఒకటిన్నర రెట్ల మందం అదే ఖర్చుకు దొరుకుతోంది. తొమ్మిదంగుళాల గోడకు మాత్రం అడుగు పొడవుకు రూ.350 ఎక్కువ. ఆ డబ్బుతో ఏం కొంటున్నామో తెలియకుండా పెట్టడం దండగ. ఆ మాట కొంచెం కిందికి వస్తుంది.

ఇటుక రూపాయి తగ్గితే మిగిలేదెంత

నాలుగంగుళాల గోడలో ఇటుక ధర రూపాయి తగ్గినా మొత్తం మీద మిగిలేది రూ.2,200, అంటే నూటికి ఒకటిన్నర కూడా లేదు. పైగా రూపాయి తక్కువకు వచ్చే ఇటుక తరచూ సైజులోనూ తక్కువే ఉంటుంది. 8½×3¾×2¾ అంగుళాల ఇటుకను తొమ్మిదంగుళాలదని చెప్పి ఇస్తారు. అది చదరపు అడుగుకు 5.15 పడుతుంది. అప్పుడు 2,200 బదులు 2,480 కావాలి. రూ.8 చొప్పున వాటి ఖరీదు రూ.19,840. అసలు సైజు ఇటుక 2,200 రూ.9 చొప్పున రూ.19,800. మిగిలిందేమీ లేదు, పైగా మాలు ఎక్కువ, కూలీ ఎక్కువ. లోడు దించేముందే పది ఇటుకల్ని పొడవునా వరసగా పేర్చి టేపు పెట్టండి. 90 అంగుళాలకు రెండంగుళాలు తగ్గితే సర్దుకోవచ్చు, అయిదు తగ్గితే ధర మాట్లాడాలి.

నాణ్యత చూడటానికి రెండు ఇటుకల్ని ఒకదానితో ఒకటి కొడితే ఖంగున మోగాలి. మొద్దుగా వినిపిస్తే సరిగా కాలలేదు. ఇంకా నమ్మకం కావాలంటే పొడి ఇటుకను తూచి, ఒక రోజంతా నీళ్లలో ఉంచి మళ్లీ తూచండి. బరువు అయిదో వంతుకు మించి పెరగకూడదు. మూడు కిలోల ఇటుక మూడు కిలోల ఆరు వందల గ్రాములు దాటితే ఆ లోడు గోడకెక్కాక తేమను పీలుస్తూనే ఉంటుంది.

రామగుండం, పాల్వంచ, విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం, ముత్తుకూరు వంటి థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల ఫ్లై యాష్ ఇటుక దొరకడం తేలిక, ధర కూడా ఎర్ర ఇటుక కన్నా తక్కువ. రెండు రూపాయలు తక్కువకు వస్తే ఈ గోడ మీద రూ.4,400 మిగులుతుంది. అంచులు సూటిగా ఉంటాయి కాబట్టి మాలు, ప్లాస్టరింగ్ రెండూ కొంత ఆదా. అయితే ఉపరితలం నున్నగా ఉండి ప్లాస్టరింగ్ పట్టు దొరక్క పెచ్చులుగా ఊడే అవకాశం ఉంది. గోడకు ముందుగా సిమెంట్ నీళ్లు చిలకరించి, గరుకెక్కాక పూయాలి. తాజాగా తయారై ఇంకా పచ్చిగా ఉన్న సరుకును తీసుకోకూడదు.

ఏది ఎక్కడ

మామూలు ఇంటి స్థలానికి, రెండు వైపులా నేల సమానంగా ఉన్నప్పుడు నాలుగంగుళాల గోడ చాలు. ప్రహరీ మీద పైకప్పు బరువు ఉండదు, దాన్ని పడగొట్టేది గాలి, పక్క నుంచి వచ్చే తోపు. ఆ రెంటినీ కాచుకునేవి పిల్లర్లూ ఫుటింగులే తప్ప మధ్యలో ఉన్న ఇటుక కాదు. గాలి లెక్కలో హైదరాబాద్‌కు ప్రాథమిక వేగం సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖపట్నాలకు 50. ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి కోస్తాలో అదే గోడ మీద దాదాపు ముప్పై శాతం ఎక్కువ తోపు పడుతుంది. తుపాను దారిలో ఉన్న ఊళ్లలో పిల్లర్ల దూరం పది అడుగుల నుంచి ఎనిమిదికి తగ్గించాలి. వంద అడుగులకు మూడు పిల్లర్లు పెరుగుతాయి. ఒక్కోదానికి సరుకు రూ.3,000, కూలీ రూ.1,500 చొప్పున వేసుకుంటే రూ.13,500. ఇదే ప్రాంతంలో తొమ్మిదంగుళాల గోడకు పెట్టే అదనపు రూ.35,000 కన్నా ఈ ఖర్చు గోడను ఎక్కువ కాపాడుతుంది.

రోడ్డు పక్కన, వాహనాలు రివర్స్ చేసే చోట, గోడ దూకేవాళ్లు ఉన్న చోట ఆరంగుళాల బ్లాకు మేలు. పని కూడా తొందరగా సాగుతుంది. లారీ లోపలి దాకా వచ్చే దారి లేని స్థలమైతే మాత్రం ఆలోచించాలి. ఆరంగుళాల బ్లాకు ఒక్కొక్కటి పాతిక కిలోలకు పైన ఉంటుంది, లారీ దించిన చోటు నుంచి గోడ దాకా మోసే కూలీ విడిగా అడుగుతారు.

బ్లాకు గోడకు వచ్చే ప్రధాన జబ్బు నిలువు పగుళ్లు, మెట్లు మెట్లుగా అతుకుల వెంట పోయే పగుళ్లు. బ్లాకు ఆరే కొద్దీ కొంచెం ముడుచుకుంటుంది. యార్డులో వారం కూడా నీళ్లు పట్టకుండా, ఎండబెట్టకుండా తెచ్చి కడితే ఆ ముడుచుకోవడం గోడలో జరిగి, పగులు తేలుతుంది. తయారై నాలుగు వారాలు దాటిన సరుకే అడగండి. ఇంకో సంగతి, ఎర్ర ఇటుకను కట్టేముందు బాగా తడపాలి, లేకపోతే మాలులోని నీటిని అది లాగేసి అతుకు పొడిబారుతుంది. సిమెంట్ బ్లాకును అలా నానబెట్టకూడదు. పైన కాస్త చల్లితే చాలు. ఇటుక పనికి అలవాటుపడ్డ మేస్త్రీ బ్లాకుల్ని కూడా డ్రమ్ములో ముంచితే, కట్టాక అది ఆరుతూ ముడుచుకుని పగులిస్తుంది.

ఇక తొమ్మిదంగుళాలు. దాని మీద తర్వాత రేకుల షెడ్డు, స్టోర్ రూము లాంటివి ఆనించే ఉద్దేశం ఉంటే ఆ వైపు వరకు కట్టండి. మీ స్థలం రోడ్డు కన్నా అడుగు, అడుగున్నర ఎత్తు ఉండి మట్టి గోడకు ఆనుతున్నా అది పనికొస్తుంది. అంతకు మించి మట్టి ఉంటే తొమ్మిదంగుళాల ఇటుక కూడా ఆగదు. మూడు అడుగుల మెరక నింపి మామూలు ప్రహరీకి ఆనించిన చోట, మొదటి పెద్ద వానకు నీళ్లు తాగిన మట్టి గోడను బయటికి నెట్టేస్తుంది. అక్కడ కావలసింది రాతి రిటైనింగ్ గోడ లేదా ఆర్‌సీసీ గోడ, దానికి ఇంజనీరు లెక్క తప్పనిసరి. మట్టి ఆనే గోడ ఏదైనా కింది భాగంలో ఆరేడు అడుగులకో రెండంగుళాల పైపు ముక్క పెట్టి నీటికి దారి వదలాలి. ఈ రెండు కారణాలూ లేకుండా కేవలం గట్టిగా ఉంటుందని తొమ్మిదంగుళాలు కట్టించడం మా దృష్టిలో అనవసరం. ఆ రూ.35,000 పిల్లర్ల దూరం తగ్గించడానికి, ఫుటింగ్ లోతు పెంచడానికి వాడితే గోడకు మేలు.

నల్లరేగడిలో ఈ అంచనా పనికిరాదు. ఆ నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుంటుంది. మూడున్నర అడుగుల గుంత ఆ కదలిక ఉన్న పొరలోనే ఆగిపోతుంది. పిల్లర్ గుంతను కింద మొరం తగిలే దాకా దించాలి. ప్లింత్ బీమ్ నేలను తాకకూడదు, బెడ్ బదులు కింద మూడంగుళాల ఖాళీ వదలాలి. లేకపోతే ఉబ్బిన మట్టి బీమ్‌ను మధ్యలో పైకి నెట్టి, గోడ నడుమ నిలువునా చీలుతుంది. చీలిక పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటే కారణం ఇదేనని గుర్తుపట్టవచ్చు. పిల్లర్ దిగబడితే చీలికలు ఆ పిల్లరుకు అటూ ఇటూ ఏటవాలుగా పోతాయి.

ప్రీకాస్ట్ పలకల గోడ గురించి ఒక మాట. ఖాళీ ప్లాటుకు హద్దు కోసం, రెండు రోజుల్లో అయిపోవాలంటే బాగుంటుంది. ప్లాస్టరింగ్ అక్కర్లేదు, పలకలు విప్పి వేరే చోటికి తీసుకెళ్లవచ్చు. వాళ్లు చదరపు అడుగుకు చెప్పే ధరను మన నాలుగంగుళాల గోడకు వచ్చిన రూ.318తో పోల్చండి. రవాణా, గుంతలు, పిల్లర్ అడుగున కాంక్రీటు ఆ ధరలోనే ఉన్నాయా అన్నది ముందే అడగాలి.

ఇసుక, సిమెంట్ కొనేటప్పుడు

పొడి ఇసుక ఘనపుటడుగు 45 కిలోల దగ్గర ఉంటుంది, టన్నుకు 22 ఘనపుటడుగులు. నాలుగంగుళాల గోడకు కావలసిన 188 ఘనపుటడుగులు దాదాపు ఎనిమిదిన్నర టన్నులు, తొమ్మిదంగుళాలకు 12 టన్నులు. టన్నుల్లో కొంటే తడి ఇసుకలో నీళ్ల బరువుకు కూడా డబ్బు కడతారు. కొలతతో కొంటే ఇంకో మోసం ఉంటుంది. కొంచెం తేమ ఉన్న ఇసుక ఉబ్బి, పొడి ఇసుక కన్నా పాతిక శాతం దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ట్రాక్టర్ ట్రిప్పు అన్న మాటకు స్థిరమైన అర్థం లేదు. ట్రాలీ లోపలి పొడవు, వెడల్పు, ఇసుక ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించాకే డబ్బివ్వండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఉచిత ఇసుక విధానం అమల్లో ఉంది. ఉచితం ఇసుకకే, తవ్వకం, రవాణా ఖర్చులు కట్టాలి. రీచ్ దూరంగా ఉంటే రవాణాయే అసలు ధర. తెలంగాణలో ప్రభుత్వ ఆన్‌లైన్ బుకింగ్ ద్వారా ఇసుక తీసుకోవచ్చు. ఫ్రేము కాంక్రీటుకు, గోడ మాలుకు రోబో ఇసుక వాడితే ఖర్చు తగ్గుతుంది. ప్లాస్టరింగ్‌కు మాత్రం ప్లాస్టరింగ్ కోసమే జల్లించిన సన్న రకం అడగాలి. కాంక్రీటు రకం రోబో ఇసుకతో పూస్తే గరుకుగా వచ్చి, క్రషర్ పొడి ఎక్కువై వెంట్రుక పగుళ్లు తేలుతాయి. నది ఇసుకను గాజు గ్లాసులో సగం దాకా పోసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి కలిపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. పైన తేరిన ఒండ్రు పొర ఇసుక ఎత్తులో పన్నెండో వంతు దాటితే ఆ ఇసుక వద్దు.

సిమెంట్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం బదులు 18 శాతం. అంతకు ముందు రాయించుకున్న ఎస్టిమేట్ మీ దగ్గర ఉంటే అందులో బస్తా ధర మళ్లీ అడగండి. 60 బస్తాలూ ఒకేసారి దించుకోవద్దు. ఫ్రేము అయ్యేసరికి మూడు వారాలు పడుతుంది, ఆలోగా వానాకాలమైతే ప్లాస్టరింగ్ బస్తాలు గడ్డకడతాయి. 44 ముందు, మిగతావి తర్వాత.

మీ గోడకు మార్చుకోవడం

అయిదడుగుల ఎత్తు ఉన్నంతవరకు ఫ్రేముకు అడుగు పొడవుకు సిమెంట్ 0.44 బస్తా, ఇసుక ఒక ఘనపుటడుగు, కంకర రెండు, రాడ్ 3.8 కిలోలు. దానికి గోడ వైశాల్యం లెక్కన ఇటుక, మాలు కలపండి. ఉదాహరణకు 30×60 అడుగుల ప్లాటు, అంటే 200 గజాలు. చుట్టూ 180 అడుగులు, పది అడుగుల గేటు తీసేస్తే 170. నాలుగంగుళాల గోడకు దాదాపు రూ.2,70,000, ఇటుకలు 3,750, సిమెంట్ 102 బస్తాలు. గేటు పిల్లర్లు రెండూ గేటు బరువు మోస్తాయి కాబట్టి వాటిని 9×12 అంగుళాలకు పెంచి, ఫుటింగ్ కూడా పెద్దది చేసి విడిగా లెక్కేయాలి. పక్కవాళ్ల గోడ ఇప్పటికే ఉంటే ఆ వైపు పొడవు తగ్గుతుంది. వాళ్ల పునాది మీద మీ ఇటుక పేర్చడం మాత్రం వద్దు.

ఎత్తు అయిదు నుంచి ఆరు అడుగులు చేస్తే వంద అడుగులకు పెరిగేది రూ.17,500 దాకా. చూడటానికి చవకే. కానీ గాలి తోపు వల్ల పిల్లర్ అడుగున పడే భారం 44 శాతం పెరుగుతుంది. ఆరడుగులు కావాలనుకుంటే పిల్లర్ల దూరం ఎనిమిది అడుగులు చేసి, గోడ మధ్యలో మూడడుగుల దగ్గర ఇంకో కాంక్రీటు పట్టీ వేయించండి. అప్పుడు అసలు పెరిగేది ముప్పై అయిదు వేల దాకా ఉంటుంది.

కట్టేటప్పుడు రెండు చోట్ల మీరు దగ్గర నిలబడితే చాలు. మొదటిది, నాలుగంగుళాల గోడను ఒక్క రోజులో మూడడుగులకు మించి లేపనివ్వకండి. పచ్చి మాలు మీద బరువు పడి గోడ గుండుకు తప్పుతుంది, సాయంత్రం గాలికి ఊగినా తెల్లారేసరికి అతుకులు విడిపోతాయి. రెండోది, పిల్లరుకూ ఇటుకకూ మధ్య అతుకు. ప్లాస్టరింగ్ అయ్యాక నెల తిరక్కుండా పిల్లర్ వెంట నిలువు గీత కనిపించే గోడలు ఊరినిండా ఉంటాయి. పిల్లర్ పోసేటప్పుడే రెండడుగులకో 6 ఎంఎం రాడ్ ముక్క అడుగున్నర బయటికి వదిలి ఇటుక వరసలోకి దూర్చాలి. ప్లాస్టరింగ్ ముందు ఆ అతుకు మీద ఎనిమిదంగుళాల వెడల్పున కోడి జాలీ కొట్టించాలి. వంద అడుగులకు ఈ రెండింటికీ అయ్యేది నాలుగైదు వేలు, కూలీ ఒప్పందంలో ముందే రాయించకపోతే మేస్త్రీ అదనం అంటాడు.

నీళ్లు పట్టడం గోడకు వారం, కాంక్రీటుకు పది రోజులు. ఫ్లై యాష్ కలిసిన పీపీసీ సిమెంట్ నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి ఎండాకాలంలో పిల్లర్లకు గోనె పట్టాలు చుట్టి తడుపుతూ ఉండాలి. ఈ పనికి మనిషి ఎవరు, నీళ్ల ట్యాంకర్ ఎవరిది అన్నది కూలీ మాట్లాడేటప్పుడే తేల్చుకోండి. ఊరి బయటి ప్లాటుకైతే ట్యాంకర్ల ఖర్చే పది వేలు దాటవచ్చు, పై పట్టికలో అది లేదు.